గార్చ్ వేసే ముందు ఆర్చ్ ఎల్ఎం పరీక్ష: మార్కెట్ ధరల మీద పనిచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ ఏనుమాముల యార్డు మిర్చి, పత్తి ధరల మీదా, నిజామాబాద్ పసుపు ధరల మీదా ప్రాజెక్టులు, థీసిస్‌లు చేసేవాళ్ల నుంచి ఏటా ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణల్లోని ధరలు, రెసిడ్యువల్స్ లెక్క చూపడానికి వేసుకున్నవే, యార్డు రికార్డులు కావు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ పరీక్ష దేన్ని పట్టుకుంటది?

రెసిడ్యువల్స్‌ను వర్గం చేస్తే వచ్చే విలువలు తమ గతంతో ముడిపడి ఉన్నాయా అన్నదొక్కటే చూస్తుంది. ధర నిన్న బాగా ఊగితే ఇవాళ కూడా ఊగే అవకాశం ఎక్కువగా ఉండడం, నిన్న నిలకడగా ఉంటే ఇవాళ కూడా నిలకడగా ఉండడం, దీన్నే ఆర్చ్ ప్రభావం అంటారు. ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానితో దీనికి పనిలేదు.

రాబర్ట్ ఎంగిల్ 1982లో ఎకనామెట్రికా పత్రికలో ఆర్చ్ మోడల్‌తో పాటే ఈ పరీక్షనూ ఇచ్చాడు. దీని సుఖం ఏమిటంటే, ఆర్చ్ మోడల్‌ను అంచనా వేయకుండానే పరీక్ష అయిపోతుంది. మామూలు రిగ్రెషన్ రెసిడ్యువల్స్ చేతిలో ఉంటే చాలు. దీని చిక్కు కూడా అక్కడే ఉంది. వర్గాలు ఏ కారణంతో గుంపుగా చేరినా ఈ పరీక్ష ఒకేలా మోగుతుంది. అది మార్కెట్ స్వభావమా, టైపింగ్ తప్పా, ధర మార్పును అంచనా వేసే సగటు సమీకరణంలో లోపమా అన్నది తేల్చుకోవాల్సింది మనమే.

బ్రూష్-పేగన్, వైట్ పరీక్షలు చేసినం. మళ్లా ఇది ఎందుకు?

అవి అడిగే ప్రశ్న వేరు. ఆ రెండూ ఎర్రర్ వేరియన్స్ మీ రిగ్రెషన్‌లోని వివరణ చలరాశులతో, ఉదాహరణకు యార్డుకు రోజూ వచ్చే సరుకు బస్తాలతో, మారుతుందా అని చూస్తాయి. ఆర్చ్ ఎల్ఎం మాత్రం వేరియన్స్ తన గతాన్ని బట్టి మారుతుందా అని చూస్తుంది. బస్తాల సంఖ్యతో ఏ సంబంధమూ లేకుండా ధర ఊగిసలాట గుంపులు గుంపులుగా రావచ్చు. అప్పుడు బ్రూష్-పేగన్ ఏమీ లేదని చెప్పినా ఆర్చ్ ఎల్ఎం మాత్రం ఆర్చ్ లేదన్న మాటను గట్టిగా తిరస్కరిస్తుంది.

యార్డుకు సరుకు రాక పెరిగితే ధర ఎంత తగ్గుతదో తెలిస్తే నాకు చాలు. అయినా ఈ పరీక్ష చెయ్యాల్నా?

చేస్తే మంచిది, మారుతుండే వేరియన్స్‌ను అంచనా వేసే గార్చ్ మోడల్ దాకా పోవాల్సిన అవసరం మాత్రం ఉండకపోవచ్చు. రిగ్రెషన్ మిగతా విధాలా సరిగ్గా ఉంటే ఆర్చ్ వల్ల గుణకాలు పక్షపాతంగా మారవు. దెబ్బ తినేది స్టాండర్డ్ ఎర్రర్లు. ముఖ్యంగా కుడి వైపు నిన్నటి ధర మార్పును కూడా పెట్టినప్పుడు మామూలు టి-విలువలు లేని ప్రాముఖ్యాన్ని చూపిస్తాయి. రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు వాడితే ఆ పని జరిగిపోతుంది. రేపటి రిస్క్ ఎంత, ధర ఏ పరిధిలో ఊగొచ్చు అన్నది మీ ప్రశ్న అయితేనే గార్చ్ కావాలి.

## డేటా దగ్గర

జెండా పాట ధర తీసుకోవాల్నా, మోడల్ ధర తీసుకోవాల్నా?

మోడల్ ధర తీసుకోండి, మొదటి నుంచి చివరి దాకా అదే వాడండి. జెండా పాట ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర. మోడల్ ధర ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. అగ్‌మార్క్‌నెట్‌లో దొరకని రోజులకు పేపర్లో వచ్చిన జెండా పాట ధరతో ఖాళీ నింపితే, ఆ రోజు ధర ఎగిరినట్టూ మర్నాడు పడినట్టూ కనిపిస్తుంది. వరుసగా రెండు పెద్ద మార్పులు వస్తే వాటి వర్గాలు పక్కపక్కన పడతాయి. ఆర్చ్ పరీక్ష సరిగ్గా దాన్నే వెతుకుతుంది.

మిర్చిలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రకాలను కలపకండి. తేజ ధర ఒక దారి, వండర్ హాట్ ధర ఒక దారి. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చే ఏసీ మిర్చినీ, కల్లం నుంచి వచ్చే కొత్త మిర్చినీ ఒకే వరుసలో పెడితే మధ్యలో వచ్చే తేడా మార్కెట్ ఊగిసలాట కాదు, సరుకు తేడా.

యార్డుకు సెలవున్న రోజులల్ల ముందటి ధరనే నింపొచ్చా?

నింపొద్దు. నింపిన ప్రతి రోజుకూ ధర మార్పు సున్నా అవుతుంది. శని, ఆదివారాలు నింపితే వారం వారం రెండు సున్నాలు పక్కపక్కన కూర్చుంటాయి. ఎండాకాలం సెలవులు నింపితే వరుసగా ఎన్నో సున్నాలు. సున్నా పక్కన సున్నా, కదలిక పక్కన కదలిక అంటే అది మనం చేతులారా తయారుచేసిన గుంపు. ఇలాంటి డేటాలో ఒకటో లాగ్ అంటే ఒక రోజు వెనకటి విలువ, ఏడో లాగ్ అంటే ఏడు రోజుల వెనకటి విలువ, రెండూ బలంగా కనిపిస్తే ముందు నింపుడు మీదే అనుమానపడాలి.

లావాదేవీ జరిగిన రోజులనే వరుసగా పేర్చి, ఒక లావాదేవీ రోజు నుంచి తర్వాతి లావాదేవీ రోజుకు మార్పు లెక్కించండి. దీర్ఘ సెలవు తర్వాతి మొదటి రోజుకు సగటు సమీకరణంలో ఒక డమ్మీ పెట్టండి.

డేటా ఎంట్రీల ఒక్క తప్పు ఉంటే అంత తేడా వస్తదా?

వస్తుంది. ఎంత వస్తుందో లెక్క చూద్దాం. క్వింటాల్ ధర 14,000 చుట్టూ ఉంది, రోజుకు ఒకటి రెండు శాతం కదులుతోంది. ఒక రోజు 14,000 బదులు 1,400 అని పడింది, ఒక సున్నా పోయింది. లాగరిథమ్ మార్పు ఆ రోజు −2.30, మర్నాడు +2.30. వర్గం చేస్తే రెండూ 5.3 దగ్గర, అవీ పక్కపక్కన. మిగతా రోజుల వర్గాలు 0.0004 స్థాయిలో ఉంటాయి కాబట్టి లెక్కలో అవి లేనట్టే.

ఇప్పుడు వర్గాల మధ్య ఒకటో లాగ్ సహసంబంధం దాదాపు సగం, అంటే 0.5. దాని వర్గమే R², అంటే 0.25. పరిశీలనలు 500 ఉంటే ఎల్ఎం విలువ 500 × 0.25, అంటే సుమారు 125. ఒక లాగ్‌కు 5 శాతం హద్దు 3.84 మాత్రమే. మార్కెట్లో ఆర్చ్ అనేదే లేకపోయినా ఒక్క సున్నా వల్ల 125 వచ్చింది. ఇది సగటు సమీకరణంలో స్థిరాంకం ఒక్కటే ఉన్నప్పటి లెక్క. ఒక ఏఆర్ పదం వేస్తే విలువ 38 దగ్గరికి దిగుతుంది, అయినా హద్దుకు ఎంతో పైనే. పైగా ఆ ఏఆర్ గుణకం కూడా −0.5 దగ్గర వచ్చి అదనంగా తప్పుదారి పట్టిస్తుంది.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రెసిడ్యువల్ వర్గాలను పెద్దవి పైకి వచ్చేలా పేర్చి, మొదటి పది తేదీలు చూడండి. వరుస తేదీలు, వ్యతిరేక గుర్తులు, దాదాపు సమానమైన పరిమాణం, ఈ మూడూ కలిస్తే అది ధర తప్పే. ఆ తేదీ కనిష్ఠ, గరిష్ఠ ధరలతో మోడల్ ధరను పోల్చితే తేలిపోతుంది.

నిజంగనే ఒక్క రోజు ధర బాగ పడి అట్లనే ఉండిపోతే?

అప్పుడు ఫలితం తిరగబడుతుంది. ధర ఒక్కసారి పడి కొత్త స్థాయిలోనే నిలిస్తే మార్పుల వరుసలో ఒకే ఒక్క పెద్ద విలువ ఉంటుంది, దాని పక్కన జత లేదు. ఆ ఒక్క విలువే వర్గాల మొత్తం చెదురును ఆక్రమించేస్తుంది, R² సున్నాకు దగ్గరవుతుంది, నిజంగా ఉన్న ఆర్చ్ కూడా దాని చాటున దాక్కుంటుంది. ఆ తేదీకి సగటు సమీకరణంలో డమ్మీ పెట్టి పరీక్ష మళ్లీ చేయండి. రెండు ఫలితాలూ రిపోర్టులో రాయండి. ఏ రోజును తీశారో, ఎందుకు తీశారో చెప్పకుండా ఒక్క ఫలితమే ఇస్తే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

నెల సగటు ధరలు వాడితే నడుస్తదా?

నడుస్తుంది కానీ ఈ పరీక్షకు అది బలహీనమైన ముడిసరుకు. రోజుల స్థాయిలో ఉన్న గుంపులు నెల సగటులో పలచబడిపోతాయి. అంతకంటే ముఖ్యంగా, యాదృచ్ఛికంగా నడిచే ధరలను సగటు తీస్తే ఆ సగటుల మార్పుల్లో 0.25 దగ్గర సహసంబంధం దానంతట అదే పుడుతుంది. నెలవారీ డేటా తప్పనిసరి అయితే నెల చివరి లావాదేవీ రోజు ధర తీసుకోండి.

## సగటు సమీకరణం

ధర మీద నేరుగా చెయ్యొచ్చా, లాగరిథమ్ మార్పే తీసుకోవాల్నా?

లాగరిథమ్ మార్పు తీసుకోండి. ధర స్థాయిల్లో సాధారణంగా యూనిట్ రూట్ ఉంటుంది. దాన్ని స్థిరాంకం మీదో కాలం మీదో రిగ్రెస్ చేస్తే రెసిడ్యువల్స్ నెమ్మదిగా తేలుతూ పోతాయి, వాటి వర్గాలు కూడా అంతే. అప్పుడు ఎల్ఎం విలువ ఎప్పుడూ కొండంత వస్తుంది, దానికి అర్థం ఉండదు. మీ R² 0.9 వచ్చిందంటే సంబరపడకండి, మీరు పరీక్షించింది ఆర్చ్‌ను కాదు.

రెసిడ్యువల్స్‌ల ఇంకా ఆటోకోరిలేషన్ ఉంది. అయినా పరీక్ష చేస్తే ఏమైతది?

అబద్ధపు ఆర్చ్ రావచ్చు. మిగిలిపోయిన సహసంబంధం ρ అయితే, సాధారణ పంపిణీ ఉన్న ఏఆర్ వరుసలో వర్గాల మధ్య సహసంబంధం ρ² ఉంటుంది. రెసిడ్యువల్స్‌లో 0.4 మిగిలిందనుకోండి. వర్గాల్లో 0.16, దాని R² 0.0256, పరిశీలనలు 500 అయితే ఎల్ఎం 12.8. హద్దు 3.84. వేరియన్స్ అసలు మారకపోయినా తిరస్కరణ వచ్చేసింది. మిగిలింది 0.1 అయితే వర్గాల్లో 0.01 మాత్రమే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక ముడి ఉంది. ఆర్చ్ ఉన్నప్పుడు మామూలు ల్యుంగ్-బాక్స్ పరీక్ష కూడా లేని ఆటోకోరిలేషన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ఏఆర్ లాగ్‌లు పదికి, పదిహేనుకు పెంచుకుంటూ పోతే ముడి విడదు. రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లతో ఏఆర్ గుణకాలను చూసి, నిలబడిన ఒకటి రెండింటినే ఉంచండి. యార్డు ధరలకు సాధారణంగా అవి సరిపోతాయి.

సీజన్ల ఊగుడు ఎక్కువ, అన్‌సీజన్ల తక్కువ. ఇది ఆర్చ్ కాదా?

కాదు. కొత్త మిర్చి పోటెత్తే నెలల్లో వేరియన్స్ ఒక స్థాయిలో, కోల్డ్ స్టోరేజీ సరుకు నడిచే నెలల్లో ఇంకో స్థాయిలో ఉంటే అది క్యాలెండర్ తెచ్చిన తేడా. నిన్నటి కుదుపు వల్ల వచ్చింది కాదు. కానీ పరీక్షకు ఈ తేడా తెలియదు. సగం రోజులు స్టాండర్డ్ డీవియేషన్ 1 శాతం, మిగతా సగం 3 శాతం ఉన్నాయనుకుంటే, ఒక్కో భాగం లోపల ఏ ఆర్చ్ లేకపోయినా వర్గాల మధ్య సహసంబంధం 0.16 దగ్గర వస్తుంది.

తేడా పట్టుకునే చోటు ఒకటుంది. స్థాయి మారడం వల్ల వచ్చిన సహసంబంధం ఒకటో లాగ్‌లో ఎంతో పదో లాగ్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది. నిజమైన ఆర్చ్ లాగ్‌లతో పాటు కరిగిపోతుంది. గార్చ్‌లో ఈ కరుగుడు నెమ్మదిగా సాగొచ్చు కాబట్టి గ్రాఫ్ ఒక్కదాన్నే నమ్మకుండా ఇంకో పని చేయండి. సీజన్ రెసిడ్యువల్స్‌ను సీజన్ స్టాండర్డ్ డీవియేషన్‌తో, అన్‌సీజన్‌వి దాని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించి పరీక్ష మళ్లీ నడపండి. ఎల్ఎం హద్దు కిందికి దిగితే మీకు కావాల్సింది గార్చ్ కాదు, సీజన్‌కో వేరియన్స్.

## పరీక్ష చేయడం

అడుగులు ఒక్కసారి వరుసగా చెప్పండి.

సగటు సమీకరణం అంచనా వేసి రెసిడ్యువల్స్ తీయండి. వాటిని వర్గం చేయండి. ఆ వర్గాన్ని ఒక స్థిరాంకం మీదా, దాని గత q విలువల మీదా రిగ్రెస్ చేయండి. ఈ సహాయక రిగ్రెషన్ R²ని అందులో వాడిన పరిశీలనల సంఖ్యతో గుణించండి. ఆర్చ్ లేదన్న శూన్య పరికల్పన కింద ఆ విలువ q డిగ్రీల కై-స్క్వేర్ పంపిణీని అనుసరిస్తుంది.

ఉదాహరణకు రెసిడ్యువల్స్ 500, q = 5. ఐదు లాగ్‌లు పోగా మిగిలిన పరిశీలనలు 495. R² 0.046 వస్తే ఎల్ఎం 495 × 0.046 = 22.8. ఐదు డిగ్రీలకు 5 శాతం హద్దు 11.07, 1 శాతం హద్దు 15.09. రెండూ దాటింది. R² చూడ్డానికి చాలా చిన్నది, సగటు సమీకరణంలో ఇంత వస్తే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం చిన్న R²నే మాట్లాడుతుంది, ఎందుకంటే రోజువారీ వర్గాల్లో చెదురు విపరీతం.

పైథాన్‌లో:

```python
import numpy as np
from statsmodels.tsa.ar_model import AutoReg
from statsmodels.stats.diagnostic import het_arch

r = (100 * np.log(price).diff()).dropna().values
e = AutoReg(r, lags=2).fit().resid
lm, p_lm, f, p_f = het_arch(e, nlags=5)
```

స్టాటాలో `regress` తర్వాత `estat archlm, lags(1 5)`. ఎక్సెల్‌లోనూ అవుతుంది: వర్గాల కాలమ్‌ను ఒక్కో గడి కిందికి జరుపుతూ ఐదు కాలమ్‌లు చేసి డేటా అనాలిసిస్‌లో రిగ్రెషన్ నడపండి.

ఆర్‌ల `ArchTest` కు ధర మార్పులనే ఇచ్చిన. తప్పా?

`FinTS` ప్యాకేజీలోని ఆ ఫంక్షన్ మీరిచ్చిన వరుసను నేరుగా వర్గం చేస్తుంది. `demean` డిఫాల్ట్‌గా `FALSE`, కాబట్టి సగటును కూడా తీయదు. రెసిడ్యువల్స్ ఇవ్వడం మీ బాధ్యత. లాగ్‌లు చెప్పకపోతే 12 తీసుకుంటుంది. అందుకే ఒకే డేటాకు ఒకరి ఫలితం ఇంకొకరితో కలవదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా లాగ్ సంఖ్యను మీరే రాయండి.

లాగ్‌లు ఎన్ని పెట్టాలె?

ఫలితం చూడకముందే నిర్ణయించండి. వారానికి ఐదు లావాదేవీ రోజులుంటే 5, నెలవారీ డేటాకు 12, త్రైమాసికానికి 4 సహజమైన ఎంపికలు. ఒక్క లాగ్‌తో ఆగిపోవడం ప్రమాదం. ఎంగిల్ మొదటి ఉదాహరణే దీనికి సాక్ష్యం: 1958 నుంచి 1977 దాకా బ్రిటన్ త్రైమాసిక ద్రవ్యోల్బణం మీద ఒకటో ఆర్డర్ పరీక్ష ఏమీ చూపలేదు, నాలుగో ఆర్డర్‌లో 15.2 వచ్చింది. నాలుగు డిగ్రీలకు హద్దు 9.49.

మరీ ఎక్కువ పెట్టినా నష్టమే. ప్రభావమంతా మొదటి రెండు లాగ్‌లలో ఉంటే, ఇరవై లాగ్‌లలో అది పలచబడి పరీక్ష పట్టు తగ్గుతుంది. ఒకటి నుంచి ఇరవై దాకా అన్నీ నడిపి, ప్రాముఖ్యం వచ్చినదాన్ని రిపోర్టులో పెట్టడం మాత్రం పరీక్ష కాదు, ఏరుకోవడం.

నా దగ్గర 60 నెలల డేటానే ఉంది. కై-స్క్వేర్ హద్దును నమ్మొచ్చా?

పూర్తిగా వద్దు. అది పెద్ద నమూనాకు సరిపడే ఉజ్జాయింపు. రెసిడ్యువల్స్ తోకలు బరువుగా ఉంటే చిన్న నమూనాలో ఇంకా తేడా చేస్తుంది. రెసిడ్యువల్స్ క్రమాన్ని కలిపేసి మళ్లీ మళ్లీ ఎల్ఎం లెక్కించడం మేలు. క్రమం చెదిరితే గుంపులు చెదిరిపోతాయి, కాబట్టి ఆర్చ్ లేనప్పుడు మీ డేటాకు ఎల్ఎం ఎంతెంత వస్తుందో తెలుస్తుంది.

```python
rng = np.random.default_rng(7)
sim = [het_arch(rng.permutation(e), nlags=5)[0]
       for _ in range(999)]
p_perm = (1 + sum(s >= lm for s in sim)) / 1000
```

60 నెలలకు 12 లాగ్‌లు కూడా బరువే. నాలుగైదుతో ఆపి, ఆ మాట రాయండి.

## ఫలితం చదవడం

తిరస్కరణ వచ్చింది. ఐదు లాగ్‌లు పెట్టిన కాబట్టి ఆర్చ్(5) వెయ్యాల్నా?

అవసరం లేదు. పరీక్షలోని q మోడల్ ఆర్డర్‌ను చెప్పదు. ఎక్కువ లాగ్‌లలో నెమ్మదిగా కరిగే ప్రభావం ఉంటే, 1986లో బొలర్‌స్లేవ్ ఇచ్చిన గార్చ్(1,1) మూడే పరామితులతో దాన్ని పట్టుకుంటుంది. ఆర్చ్(5)కి ఆరు కావాలి, అవన్నీ రుణాత్మకం కాకుండా చూసుకోవాలి. మొదట గార్చ్(1,1) వేసి చూడడమే మా సలహా.

తిరస్కరణ వచ్చింది గానీ లాగ్ గుణకాలల్ల కొన్ని మైనస్‌ల ఉన్నయి.

ఇది చాలామంది చూడని చోటు. ఎల్ఎం విలువ R² మీద ఆధారపడుతుంది, R²కి గుర్తుతో సంబంధం లేదు. నిన్న ఊగితే ఇవాళ తప్పక తగ్గుతుంది అన్న నమూనా ఉన్నా పరీక్ష తిరస్కరిస్తుంది, కానీ అది ఆర్చ్ కాదు. ఒకటి రెండు చిన్న మైనస్‌లు మామూలే. గుణకాల మొత్తమే మైనస్‌లో ఉంటే, లేదా ప్రాముఖ్యం ఉన్నది మైనస్ గుణకమే అయితే, గార్చ్ వేయకండి. అలాంటి డేటాలో నిన్నటి కుదుపు ప్రభావాన్ని కొలిచే గార్చ్ ఆల్ఫా సున్నా దగ్గర అతుక్కుపోయి సాఫ్ట్‌వేర్ కన్వర్జెన్స్ హెచ్చరికలు ఇస్తుంది. సారాంశం పట్టికలో సహాయక రిగ్రెషన్ గుణకాలు కూడా పెట్టండి.

పి-విలువ 0.40 వచ్చింది. మా సార్ గార్చ్ వెయ్యుమంటున్నరు. ఏం జెయ్యాలె?

ముందు పరీక్ష నిజంగానే ఏమీ లేదని చెబుతోందా అన్నది చూడండి. జత లేని ఒక పెద్ద కుదుపు ఉందా, నమూనా మరీ చిన్నదా, నెల సగటులు వాడారా, ఈ మూడూ తనిఖీ చేయండి. అవేవీ కాకపోతే గార్చ్ వేయడంలో అర్థం లేదు. ఆర్చ్ లేని డేటాలో ఆల్ఫా సున్నా అయితే, నిన్నటి వేరియన్స్ ప్రభావాన్ని కొలిచే బీటా ఏ విలువ తీసుకున్నా లైక్లీహుడ్ దాదాపు మారదు. సాఫ్ట్‌వేర్ బీటా 0.9 అని ముద్రిస్తుంది, అది చూసి వొలటాలిటీ చాలాకాలం నిలుస్తుందని రాసినవాళ్లున్నారు. సార్‌కు పరీక్ష ఫలితంతో పాటు ఆల్ఫా, దాని స్టాండర్డ్ ఎర్రర్ చూపించండి. మాట అక్కడే తేలుతుంది.

గార్చ్ వేసినంక మళ్లా ఇదే పరీక్ష చెయ్యొచ్చా?

చేస్తారు, స్టాండర్డైజ్ చేసిన రెసిడ్యువల్స్ మీద. అంటే ప్రతి రెసిడ్యువల్‌ను ఆ రోజు అంచనా స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించాలి. ముడి రెసిడ్యువల్స్ మీద చేస్తే గార్చ్ వేసినా పరీక్ష మళ్లీ తిరస్కరిస్తుంది, మోడల్ చెడిందని అనవసరంగా బెంగపడతారు.

ఇక్కడ కై-స్క్వేర్ హద్దు కచ్చితంగా వర్తించదు, ఎందుకంటే ఆ స్టాండర్డ్ డీవియేషన్లు కూడా అదే డేటా నుంచి అంచనా వేసినవి. దీనికి లి, మాక్ 1994లో ఒక సవరణ ఇచ్చారు. ఆర్‌లోని `rugarch` ఫలితంలో కనిపించే `Weighted ARCH LM Tests` కూడా ఇలా మోడల్ వేశాక చూడడానికే. సాదా ఎల్ఎంలో పి-విలువ 0.5, 0.6 వస్తే నిశ్చింతగా ముందుకు పోవచ్చు. 0.08 దగ్గర తచ్చాడుతుంటే సవరించిన పరీక్ష ఫలితమే రాయండి.